ప్రొజెక్టర్, స్ట్రీమింగ్ స్టిక్: మన హాలులో వంకర లేని పెద్ద తెర

ఇంట్లో ప్రొజెక్టర్ బొమ్మ బాగా రావాలంటే రిమోట్ కంటే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది కొలత టేపు. చాలా ఇళ్లలో ప్రొజెక్టర్‌ను ఖాళీ ఉన్న చోట పెడతారు. బొమ్మ ఏటవాలుగా పడుతుంది. అప్పుడు మెనూలోకి వెళ్లి, బొమ్మ ఆకారాన్ని దిద్దే కీస్టోన్ అనే సెట్టింగుతో దాన్ని దీర్ఘచతురస్రంగా లాగుతారు. బొమ్మ ఆకారం సరిపోతుంది కానీ ఒక మూల మసకగా ఉంటుంది, చుట్టూ బూడిద రంగు వెలుగు కనిపిస్తుంది. పాత్రల పేర్లు చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తుంది. తప్పు యంత్రానిది అనుకుంటారు. దాదాపు ప్రతిసారీ అది పెట్టిన చోటులోనే ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శిలో ముందు దూరం, తర్వాత ఎత్తు, ఆ తర్వాత తిన్నగా నిలబెట్టడం, చివరగా స్టిక్ అనే వరుసలో వెళ్దాం. కీస్టోన్ అవసరం రాకుండా చూడడమే మన లక్ష్యం.

ఉదాహరణగా ఒక మామూలు అపార్ట్‌మెంట్ హాలు తీసుకుంటాను. తెర గోడ నుంచి ఎదుటి గోడకు 12 అడుగులు, అంటే 366 సెంటీమీటర్లు. సీలింగ్ 10 అడుగుల ఎత్తు. నడిమధ్యలో ఫ్యాను. ఎదుటి గోడకు ఆనించి సోఫా. తెర గోడ మీద ఒక పక్క తలుపు, మరో పక్క కిటికీ. వాటి మధ్య ఖాళీ 230 సెంటీమీటర్లు. ప్రొజెక్టర్ 1080p రకం, త్రో రేషియో 1.25, ఆప్టికల్ జూమ్ లేదు. స్టిక్‌గా ఫైర్ టీవీ స్టిక్‌ను తీసుకుందాం.

దూరం లెక్క

త్రో రేషియో అంటే లెన్స్ నుంచి గోడకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఇది ప్రొజెక్టర్ వివరాల పత్రంలో ఉంటుంది. 1.25 అంటే మీటరు వెడల్పు బొమ్మకు మీటరుంపావు దూరం కావాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. తెరను అంగుళాల్లో చెప్పేటప్పుడు మూల నుంచి మూలకు కొలుస్తారు, త్రో రేషియోకు మాత్రం వెడల్పు కావాలి. ఇప్పటి ప్రొజెక్టర్లలో ఎక్కువ శాతం 16:9 ఆకారంలో ఉంటాయి కాబట్టి ఈ మూడు వరుసలు చాలు:

```
వెడల్పు = కర్ణం × 0.872
ఎత్తు   = కర్ణం × 0.49
దూరం   = వెడల్పు × త్రో రేషియో
```

100 అంగుళాల తెరకు కర్ణం 254 సెంటీమీటర్లు కాబట్టి వెడల్పు 221 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 124. మన ప్రొజెక్టర్‌కు దూరం 221 × 1.25, అంటే 276 సెంటీమీటర్లు. ఈ దూరం లెన్స్ ముందు భాగం నుంచి కొలవాలి, పెట్టె వెనుక భాగం నుంచి కాదు.

ఇప్పుడు అదే ప్రొజెక్టర్‌ను సోఫా పైన, ఎదుటి గోడకు దగ్గరగా ఒక అరలో పెడితే ఏమవుతుందో చూద్దాం. పెట్టె పొడవుకు, వెనుక వైరుకు, గాలికి కలిపి 56 సెంటీమీటర్లు పోతే లెన్స్ 310 దగ్గర ఉంటుంది. 310ని 1.25తో భాగిస్తే 248 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. గోడ మీద ఖాళీ 230 మాత్రమే. అంచులు తలుపు చట్రం మీద, కిటికీ మీద పడతాయి. అప్పుడు మెనూలో జూమ్‌ను తగ్గించి బొమ్మను కుదించాలనిపిస్తుంది. అది ఆప్టికల్ జూమ్ అయితే నష్టం లేదు, ఎందుకంటే లెన్స్‌లోని గాజులు కదిలి బొమ్మను చిన్నది చేస్తాయి. డిజిటల్ జూమ్ అయితే లోపలి ప్యానెల్‌లో కొంత భాగాన్ని వాడకుండా వదిలేస్తుంది. 248ని 221కి కుదిస్తే 1920 పిక్సెళ్ల వెడల్పులో సుమారు 1710 మాత్రమే పని చేస్తాయి. డబ్బు పెట్టి కొన్న స్పష్టతను అలా వదులుకోవడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు. డిజిటల్ జూమ్‌ను 100 దగ్గరే ఉంచి, ప్రొజెక్టర్‌నే 276 దగ్గరకు తేవాలి.

మీ ప్రొజెక్టర్‌కు 1.2 నుంచి 1.44 అని రెండు సంఖ్యలు రాసి ఉంటే దానికి ఆప్టికల్ జూమ్ ఉందని అర్థం. అప్పుడు అదే 221 వెడల్పుకు 265 నుంచి 318 సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇరుకు హాళ్లలో ఈ వెసులుబాటు చాలా విలువైనది. కొనక ముందు పత్రంలో వెతకాల్సిన మొదటి అంకె ఇదే.

చూసేవాళ్ల దూరం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లు గోడకు సుమారు 305 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అక్కడి నుంచి 221 వెడల్పు తెర 40 డిగ్రీల కోణాన్ని ఆక్రమిస్తుంది. ఇంటి సినిమాకు 30 నుంచి 40 డిగ్రీలు హాయిగా ఉంటుందని సాధారణంగా చెబుతారు. కాబట్టి ఈ హాలుకు 100 అంగుళాలే పై హద్దు. 120 పెట్టాలన్న ఆశ ఉన్నా మెడ ఒప్పుకోదు. పైగా బొమ్మ పెరిగేకొద్దీ అదే వెలుగు ఎక్కువ మేర పరచుకోవాలి. 80 అంగుళాల నుంచి 110కి వెళ్తే విస్తీర్ణం దాదాపు రెట్టింపై, బొమ్మ సగం వెలుగుకు పడిపోతుంది.

ఎత్తు: లెన్స్‌కు ఎదురుగానే బొమ్మ పడదు

ప్రొజెక్టర్‌ను బల్ల మీద మట్టంగా పెట్టి గోడ మీదకు వేస్తే బొమ్మ మధ్యభాగం లెన్స్‌కు ఎదురుగా రావాలని అనుకుంటాం. చాలా ప్రొజెక్టర్లలో అలా రాదు. బొమ్మ అడుగు అంచు లెన్స్ ఎత్తులోనో, దానికి కొంచెం పైనో మొదలై అక్కడి నుంచి పైకి పరుచుకుంటుంది. బల్ల మీద పెట్టినా తలలు అడ్డం రాకుండా తయారీదారు కావాలనే లెన్స్‌ను అలా అమరుస్తాడు. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. కొన్ని చిన్న పోర్టబుల్ ప్రొజెక్టర్లలో ఆఫ్‌సెట్ ఉండదు, లెన్స్ ఎత్తే బొమ్మ మధ్య ఎత్తు అవుతుంది.

మీది ఏ రకమో పత్రం చూసి తలపట్టుకోవడం కంటే కొలవడమే తేలిక. రసమట్టంతో, లేదా ఫోనులోని లెవల్ యాప్‌తో ప్రొజెక్టర్‌ను సమంగా నిలపండి. ఆటో కీస్టోన్‌ను ఆపి, కీస్టోన్‌ను సున్నాకు తెచ్చి, 276 దూరం నుంచి బొమ్మ వేయండి. నేల నుంచి లెన్స్ నడిమి వరకు ఒక కొలత, నేల నుంచి బొమ్మ అడుగు అంచు వరకు ఒక కొలత తీసుకోండి. మన ఉదాహరణలో తేడా 12 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం.

ఈ ఒక్క అంకెతో రెండు దారులూ తేలిపోతాయి. సోఫా ముందు చిన్న బల్ల మీద లెన్స్ 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెడితే బొమ్మ 72 దగ్గర మొదలై 196 దగ్గర ముగుస్తుంది. కూర్చున్నవాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. సీలింగ్‌కు తలకిందులుగా వేలాడదీస్తే లెక్క తిరగబడుతుంది. లెన్స్‌కు 12 సెంటీమీటర్ల కింద బొమ్మ పై అంచు వస్తుంది. లెన్స్ 227 ఎత్తులో ఉంటే బొమ్మ 215 నుంచి 91 వరకు దిగుతుంది. కొంచెం ఎత్తే అయినా సోఫాలో వెనక్కి వాలి చూసేవాళ్లకు ఇబ్బంది ఉండదు, ప్రొజెక్టర్ కింద మనిషి నిలబడి నడవగలడు. 305 సీలింగ్ నుంచి 78 సెంటీమీటర్లు దిగే కడ్డీ కావాలి. తలకిందులు చేశాక మెనూలోని ప్రొజెక్షన్ మోడ్‌లో ఫ్రంట్ సీలింగ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే బొమ్మ నిటారుగా తిరుగుతుంది.

సీలింగ్‌లో రంధ్రాలు వేయించే ముందు ఒక వారమైనా బల్ల మీద పెట్టి సినిమాలు చూడమని నా సలహా. తెర సైజు, ఎత్తు, సోఫా చోటు అన్నీ అప్పటికి తేలతాయి. రంధ్రం గుర్తు పెట్టేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. బ్రాకెట్ పెట్టె నడుముకు బిగుస్తుంది, లెన్స్ దానికి 10 సెంటీమీటర్లు ముందు ఉండవచ్చు. లెన్స్ 276 దగ్గర ఉండాలంటే రంధ్రం 286 దగ్గర పడాలి. ఫ్యాను రెక్కలు సాధారణంగా ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున తిరుగుతాయి, మన కిరణం ఏడున్నర అడుగుల దగ్గర మొదలై కిందికే దిగుతుంది కాబట్టి రెక్కలు అడ్డం రావు. ఫ్యాను గాలికి పొడవాటి కడ్డీ ఊగుతుందేమో మాత్రం చూసుకోవాలి. 100 అంగుళాల బొమ్మలో మిల్లీమీటరు వణుకు కూడా కంటికి తెలుస్తుంది.

గది చివర బీరువా మీద పెట్టి ముక్కు కిందికి వంచడం మన ఇళ్లలో అతి సాధారణం. పైకి బొమ్మ వేసే ఆఫ్‌సెట్ ఉన్న ప్రొజెక్టర్‌కు ఇది అన్నిటికంటే చెడ్డ చోటు. దాన్ని కిందికి బాగా వంచితే తప్ప బొమ్మ తెర మీదకు రాదు, ఆ వంపే బొమ్మను చెడగొడుతుంది.

తిన్నగా నిలబెట్టడం, ఆపైనే కీస్టోన్

కీస్టోన్ ఏం చేస్తుందో తెలిస్తే దాని మీద మోజు తగ్గుతుంది. ప్రొజెక్టర్ ముక్కు పైకి ఎత్తి ఉందనుకోండి. పై అంచుకు వెళ్లే వెలుగు ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కాబట్టి అక్కడ బొమ్మ వెడల్పవుతుంది. పై అంచు 240, కింది అంచు 215 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. కీస్టోన్ కిందిదాన్ని పెంచలేదు. పై వరుసను లోపలి ప్యానెల్‌లోనే కుదించి 215కి తెస్తుంది. 1920 పిక్సెళ్లతో రావాల్సిన ఆ వరుస సుమారు 1720తో సర్దుకోవాలి. పిక్సెళ్లు ఒకదానికొకటి సరిగ్గా కుదరక సన్నని అక్షరాల అంచులు పొలుసుల్లా కనిపిస్తాయి. వాడకుండా వదిలిన పిక్సెళ్లు కూడా పూర్తిగా చీకటిగా ఉండవు, చీకటి గదిలో బొమ్మ చుట్టూ ఆ బూడిద రంగు అంచు అక్కడి నుంచే వస్తుంది.

ఇంకొక సంగతి ముఖ్యమైనది. కీస్టోన్ ఆకారాన్ని దిద్దుతుంది కానీ ఫోకస్‌ను దిద్దలేదు. పై అంచు, కింది అంచు లెన్స్‌కు వేర్వేరు దూరాల్లో ఉన్నప్పుడు ఒకటి స్పష్టంగా ఉంటే మరొకటి మసకబారుతుంది. కాబట్టి ఫోకస్ చక్రం ఎంత తిప్పినా నాలుగు మూలలూ ఒకేసారి స్పష్టం కాకపోతే, ఆకారం ఎంత చక్కగా కనిపిస్తున్నా ప్రొజెక్టర్ వంకరగా ఉన్నట్టే. నేను ఎవరింట్లో ప్రొజెక్టర్ చూసినా ముందు నాలుగు మూలల అక్షరాలే చూస్తాను.

తిన్నగా నిలబెట్టే పద్ధతి ఇది. దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసి తెర నడిమి గీతను గోడ మీద పెన్సిల్‌తో గుర్తించండి. సాగని పురికొస ఒకటి తీసుకుని ఒక కొసను తెర ఎడమ కింది మూల దగ్గర పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. రెండో కొసను లెన్స్ అంచు వరకు లాగి, అక్కడ దారానికి ముడి వేయండి. ఇప్పుడు వాళ్లు ఆ కొసను కుడి కింది మూలకు మార్చాలి. ముడి సరిగ్గా లెన్స్ దగ్గరకే వస్తే ప్రొజెక్టర్ నడిమి గీత మీద ఉన్నట్టు. రాకపోతే పెట్టెను పక్కకు జరిపి మళ్లీ చూడాలి. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు, ఏ ఆటో కీస్టోన్ కంటే నమ్మదగినది.

తర్వాత బొమ్మ వేసి నాలుగు అంచులనూ టేపుతో కొలవండి. ఏ అంచు పెద్దగా ఉంటే ప్రొజెక్టర్‌ను ఆ వైపుకు జరిపి, బొమ్మ మళ్లీ తెర మీదకు వచ్చేలా ముఖం తిప్పాలి. ఎడమ అంచు కుడిదానికంటే పొడవుగా ఉంటే పెట్టెను ఎడమకు జరపాలి. పై అంచు వెడల్పుగా ఉంటే పెట్టెను పైకి ఎత్తి, ముక్కు కొంచెం దించాలి. బల్ల మీద ఉన్నా సీలింగ్‌కు ఉన్నా ఈ సూత్రం మారదు. అంచులన్నీ సరిపోయి బొమ్మ మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉంటే అది పెట్టె అడుగున ఉన్న మర కాళ్లతో సరిచేసే పని.

కొలతకు సినిమా దృశ్యాన్ని వాడకండి. తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం స్కోప్‌లో, అంటే సుమారు 2.39:1 ఆకారంలో ఉంటాయి. 221 వెడల్పు తెర మీద సినిమా ఎత్తు 92 సెంటీమీటర్లే, పైనా కిందా పదహారేసి సెంటీమీటర్ల నల్ల పట్టీలు మిగులుతాయి. సినిమా అంచును తెర అంచు అనుకుని కొలిస్తే లెక్క తప్పుతుంది. ప్రొజెక్టర్ మెనూలో గళ్ల నమూనా ఉంటే దాన్ని వాడండి, లేకపోతే స్టిక్ హోమ్ తెర చాలు.

వెలిగించగానే ఫోకస్ చేసినది పావుగంట తర్వాత కొద్దిగా మారుతుంది, లోపలి భాగాలు వేడెక్కి లెన్స్ చిన్నగా కదలడమే కారణం. అందుకే చివరి ఫోకస్‌ను ఇరవై నిమిషాలు ఆగి చేయండి. ఇంత చేశాక కూడా అంచుల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల తేడా మిగిలితే, అప్పుడు కీస్టోన్ ఒకటి రెండు మెట్లు వాడుకోవచ్చు. దాని నష్టం సోఫా నుంచి కనిపించదు. ఆటో కీస్టోన్, ఆటో స్క్రీన్ ఫిట్ లాంటివి మాత్రం ఆపే ఉంచండి. తలుపు గట్టిగా వేసినా ఆ అదురుకు మేల్కొని సినిమా మధ్యలో మళ్లీ కొలతలు మొదలుపెట్టే ప్రొజెక్టర్లు ఉన్నాయి.

స్టిక్‌ను కలపడం

స్టిక్‌ను ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టాలి. నేరుగా కాకుండా, దానితో వచ్చే చిన్న ఎక్స్‌టెండర్ వైరు ద్వారా పెట్టడం మంచిది. పోర్టు పక్కనే వేడి గాలి బయటికి వచ్చే జాలీ ఉంటే స్టిక్ దాని ముందు వేలాడకుండా దూరంగా జరపాలి. స్టిక్ తనకు తానే వేడెక్కే వస్తువు, ఎండాకాలంలో ఆ గాలి కూడా తగిలితే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది.

కరెంటు విషయంలో ప్రొజెక్టర్ మీద ఉన్న యూఎస్‌బీ పోర్టును నమ్ముకోవద్దు. చాలా ప్రొజెక్టర్లలో అది సగం ఆంపియర్ మాత్రమే ఇస్తుంది, స్టిక్‌కు దాని సొంత అడాప్టర్ ఇచ్చే ఆంపియర్ కావాలి. హోమ్ తెర బాగానే వస్తుంది, సినిమా మొదలుపెట్టిన కాసేపటికి స్టిక్ దానంతటదే మళ్లీ మొదలవుతుంది. ఈ లక్షణం కనిపిస్తే వేరే ఏదీ వెతకకుండా ముందు అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టి చూడండి. సీలింగ్ ప్రొజెక్టర్ అయితే పైన రెండు ప్లగ్గులకు చోటు ముందే పెట్టించుకోవాలి. ఫైర్ టీవీ రిమోట్ బ్లూటూత్‌తో పని చేస్తుంది కాబట్టి స్టిక్ వెనుక దాగి ఉన్నా ఫర్వాలేదు.

ప్రొజెక్టర్ రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి సరైన హెచ్‌డీఎంఐ పోర్టును ఎంచుకోండి. రెండు పోర్టులుంటే వాటి పక్కన ముద్రించిన అంకె చూసుకోవాలి. `No Signal` అని వస్తే సాధారణంగా పోర్టు తప్పు ఎంచుకోవడమో, స్టిక్‌కు కరెంటు అందకపోవడమో కారణం. రెండూ సరిగ్గా ఉండి తెర నల్లగానే ఉంటే, స్టిక్ పంపే రిజల్యూషన్‌ను ప్రొజెక్టర్ అందుకోలేకపోతున్నట్టు. అప్పుడు ఫైర్ టీవీ రిమోట్‌లో పై బాణాన్ని, రివైండ్ మీటను కలిపి పది సెకన్లు నొక్కి వదిలితే అది ఒక్కొక్క రిజల్యూషన్‌నూ మార్చి చూపిస్తుంది. బొమ్మ కనిపించిన చోట ఆపుకోవచ్చు.

బొమ్మ వచ్చాక ఈ దారిలో వెళ్లండి:

```
Settings > Display & Sounds > Display > Video Resolution
```

1080p ప్రొజెక్టర్‌కు 1080p 60Hz పెట్టండి. పెట్టె మీద 4కె సపోర్ట్ అని ఉన్నంత మాత్రాన లోపలి ప్యానెల్ 4కె కాదు, ఆ సంకేతాన్ని తీసుకుని కుదించుకోగలదని మాత్రమే అర్థం. వివరాల పత్రంలో నేటివ్ రిజల్యూషన్ అన్న చోట 1920×1080 ఉందా, 1280×720 ఉందా చూసి దాన్నిబట్టి నిర్ణయించుకోండి. నల్ల రంగు బూడిదగా తేలిపోయి కనిపిస్తే ప్రొజెక్టర్ మెనూలో హెచ్‌డీఎంఐ రేంజ్‌ను లిమిటెడ్‌కు, ఫుల్‌కు మార్చి చూడాలి. రెండింటిలో ఒకదానికి చీకటి దృశ్యంలో జుట్టు, నల్ల చొక్కా మడతలు విడివిడిగా కనిపిస్తాయి. అదే సరైనది.

ఫోను తెరను ప్రొజెక్టర్‌కు పంపి ఓటీటీ సినిమా చూడబోతే మాటలు వినిపించి బొమ్మ నల్లగా ఉండిపోవడం చాలామందికి ఎదురవుతుంది. అది కాపీ రక్షణ వల్ల జరిగేది, ఫోనులో ఏ సెట్టింగు మార్చినా పోదు. స్టిక్‌లోనే ఆ యాప్ తెరిచి హెచ్‌డీఎంఐ ద్వారా చూస్తే ఈ చిక్కు ఉండదు. ప్రొజెక్టర్‌లోనే ఆండ్రాయిడ్ ఉన్నా విడిగా స్టిక్ కొనమని చెప్పడానికి నాకున్న గట్టి కారణం ఇదే. చౌక ప్రొజెక్టర్లలోని ఆండ్రాయిడ్‌కు కొన్ని ఓటీటీ సంస్థల అనుమతి ఉండదు, యాప్ అసలు తెరుచుకోదు, తెరుచుకున్నా తక్కువ స్పష్టతతోనే బొమ్మ ఇస్తుంది.

ఇక మిగిలింది శబ్దం. స్టిక్ ప్రొజెక్టర్ దగ్గర, మన వెనుకో తల మీదో ఉంటుంది, మాటలు మాత్రం తెర వైపు నుంచి రావాలి. ప్రొజెక్టర్ వెనుక ఉన్న 3.5 మిల్లీమీటర్ల ఆడియో రంధ్రం నుంచి గోడ వెంట వైరు లాగి తెర కింద స్పీకర్లకు ఇవ్వడం అన్నిటికంటే భద్రమైన పద్ధతి. బ్లూటూత్ స్పీకర్‌తో పని సులువే కానీ చాలాసార్లు పెదవుల కదలికకు మాట కాస్త వెనకబడుతుంది, పాటల్లో అది అంతగా తెలియకపోయినా సంభాషణల్లో విసుగు పుట్టిస్తుంది. ప్రొజెక్టర్‌కు వైరు కలిపాక బొమ్మ ఉండి మాట రాకపోతే `Display & Sounds` లోని ఆడియో విభాగంలో `Surround Sound` తెరిచి `PCM` ఎంచుకోండి. డాల్బీ సంకేతాన్ని విప్పలేని ప్రొజెక్టర్లకు అది అర్థమయ్యే రూపంలో శబ్దాన్ని పంపుతుంది.